గ్రాఫ్ తప్పని రాయండి, ధరలు పెరగలేదని మాత్రం రాయకండి

ప్రశ్న: మా ఇంటికొచ్చే పేపర్లో మొన్న ధరల మీద అర పేజీ కథనం వేశారు. మధ్యలో నాలుగు బార్లతో గ్రాఫ్. 2022 జూలై 173.4, 2023 జూలై 186.3, 2024 జూలై 193, 2025 జూలై 196. కింద ‘వినియోగదారుల ధరల సూచీ’ అని ఉంది. చివరి బార్ మొదటిదానికి దాదాపు మూడింతలుంది. పరీక్షగా చూస్తే ఎడమ పక్క గీత సున్నా దగ్గర కాదు, 160 దగ్గర మొదలైంది. మా మనవరాలు చూసి “ధరలు మూడింతలయ్యాయా తాతయ్యా?” అంది. ఎడిటర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చుంటే మా అల్లుడు “ధరలు పెరిగిన మాట నిజమేగా మామయ్యా, మీరిలా రాస్తే ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది” అంటున్నాడు. రాయాలా వద్దా? రాస్తే ఎలా రాయాలి? పేపర్ కటింగ్ జత చేశాను.
— ఒక విశ్రాంత ఉద్యోగి, తణుకు

జవాబు: రాయండి. మీ అల్లుడుగారి మాట కొట్టిపారేయాల్సింది కాదు. దాన్ని ఉత్తరంలోనే ఒక వాక్యంగా పెట్టేస్తే మీ మాటకు బలం వస్తుంది. అదెలాగో తర్వాత చెబుతాను. ముందు స్కేలు తీసుకోండి.

మీరు పంపిన కటింగ్‌లో బార్లను నేను కొలిచాను. 2022ది సుమారు 2.7 సెంటీమీటర్లు, 2023ది 5.3, చివరిది 7.2. అంటే మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికే బార్ ఇంచుమించు రెట్టింపైంది. మరి అంకెలేమంటున్నాయి? 173.4 నుంచి 186.3కి పెరిగింది 12.9. దాన్ని 173.4తో భాగిస్తే 7.4 శాతం. ధర నూటికి ఏడు రూపాయల చిల్లర పెరిగితే బొమ్మ నూటికి నూరు పెరిగింది. మొదటి నుంచి చివరిదాకా చూసినా అంతే. 22.6ని 173.4తో భాగిస్తే 13 శాతం. మూడేళ్లలో ధరలు 13 శాతం పెరిగాయి, బార్ మాత్రం రెండున్నర రెట్లు దాటిపోయింది.

ఇదే గ్రాఫ్‌ను సున్నా నుంచి గీసి, చివరి బార్‌ను అదే 7.2 సెంటీమీటర్ల దగ్గర ఉంచితే మొదటి బార్ 6.4 సెంటీమీటర్లు వస్తుంది. రెంటికీ మధ్య తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. మీ మనవరాలు దాన్ని చూసి ఉంటే ఆ ప్రశ్నే వేసేది కాదు. మీ ఉత్తరానికి కావలసిన సరుకంతా ఈ రెండు మూడు కొలతల్లోనే ఉంది. ఆర్థికశాస్త్రం జోలికి వెళ్లక్కర్లేదు. ఎడిటర్ టేబుల్ మీదా స్కేలు ఉంటుంది, ఆయనా కొలుచుకుంటాడు.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోవాలి, లేకపోతే ఉత్తరం దారి తప్పుతుంది. “గ్రాఫ్ ఏదైనా సున్నా నుంచే మొదలవ్వాలి” అని రాయకండి. అది నిజం కాదు, ఆ ఒక్క ముక్క పట్టుకుని మీ ఉత్తరం మొత్తాన్ని తోసిపుచ్చుతారు. లైన్ గ్రాఫ్‌లో మనం చూసేది గీత ఎటు వంగుతోందో, ఎక్కడ విరిగిందో. అక్కడ 160 నుంచి మొదలుపెట్టినా పెద్ద నేరం కాదు, చాలాసార్లు అదే మేలు. బార్ సంగతి వేరు. బార్ తన పొడవుతోనే మాట్లాడుతుంది. ఇది దానికి రెండింతలుంటే విలువా రెండింతలని కన్ను అనేసుకుంటుంది, పక్కనున్న అంకె చదవడం ఆ తర్వాతే. అడుగున 160 మేర నరికేశాక మిగిలిన ముక్కల పొడవులు పోల్చుకోవడానికి పనికిరావు. “160 అని అక్షం మీద స్పష్టంగానే వేశాం కదా” అని వాళ్లు జవాబివ్వొచ్చు. ఇచ్చే అవకాశం ఎక్కువ కూడా. అంకె వేసిన మాట నిజమే, అయినా బార్ పొడవు అబద్ధమే చెబుతోంది. ఈ తేడా తెలుస్తూ రాస్తే ఆ జవాబుకు మీరు ముందే జవాబిచ్చినట్టు.

ఇక వాళ్ల ఉద్దేశం గురించి. “ప్రజలను తప్పుదోవ పట్టించడానికే”, “కావాలనే” లాంటి మాటలు వద్దు. మర్యాద సంగతి అలా ఉంచి, అసలు కారణం చాలావరకు అది కాదు గనుక. చాలా డెస్కుల్లో ఇలాంటి గ్రాఫ్ ఎలా పుడుతుందో చెబుతాను. సాయంత్రం గణాంకాల ప్రెస్ నోట్ వస్తుంది. సబ్ ఎడిటర్ నాలుగు అంకెలు ఎక్సెల్‌లో కొట్టి బార్ చార్ట్ బటన్ నొక్కుతాడు. ఎక్సెల్‌ను దాని మానాన వదిలేస్తే, పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా పెద్ద అంకెలో ఆరో వంతు కన్నా తక్కువున్నప్పుడు అది సున్నాను వదిలేసి పైనుంచి మొదలుపెడుతుంది. ఇక్కడ 196లో ఆరో వంతు దాదాపు 32.7, తేడా 22.6 మాత్రమే. అప్పుడు చిన్న అంకె నుంచి ఆ తేడాలో సగం తీసేసి, ఆ కిందున్న గుండ్రటి అంకెను పట్టుకుంటుంది. 173.4 లోంచి 11.3 తీసేస్తే 162.1. దాని కిందున్న గుండ్రటి అంకె 160. మీ కటింగ్‌లో ఉన్నది సరిగ్గా ఆ 160యే. ఎవరో కుట్ర పన్ని 160 ఎంచుకున్నారనుకోవడం కన్నా, ఎవరూ ఏమీ ఎంచుకోలేదనుకోవడమే నాకు సబబుగా తోస్తోంది. ఆ తర్వాత పేజీ డిజైనర్ దానికి ఎర్ర రంగు పూసి, పైకెగిరే బాణం పెట్టి ఉంటాడు. హెడ్డింగ్‌లో ‘ధరల మంట’ అని ఉన్నాక బొమ్మ చల్లగా ఉంటే పేజీకి అందం రాదని మా పత్రికల వాళ్ల నమ్మకం.

అందుకే కథనం కింద పేరున్న రిపోర్టర్ మీద విరుచుకుపడకండి. ఆ గ్రాఫ్‌ను అతను అచ్చయ్యాకే చూసి ఉండొచ్చు.

రాసేముందు అంకెలు ఒకసారి సరిచూసుకోండి. గణాంక మంత్రిత్వ శాఖ ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో వినియోగదారుల ధరల సూచీ విడుదల చేస్తుంది, ప్రెస్ నోట్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. గ్రామీణ, పట్టణ, రెండూ కలిపిన సూచీలు విడివిడిగా ఇస్తారు. మీ పేపర్ వేసినవి కలిపిన సూచీ అంకెలు, 2012ను 100గా తీసుకున్న లెక్క. నేను చూశాను, నాలుగూ సరైనవే. ఒక చిన్న మెలిక ఉంది. తాజా నెల అంకె ఎప్పుడూ తాత్కాలికమే, తర్వాతి నెలలో కాస్త సవరిస్తారు. 2024 జూలైకి మొదట 192.9 అన్నారు, తర్వాత 193 చేశారు. అందువల్ల మీ దగ్గరున్న పాత కటింగ్‌లో 192.9 కనబడితే “అంకె తప్పు” అని ఎగరకండి. మీ పింఛన్ మీద ఇచ్చే కరువు భృతి డీఆర్ లెక్కకట్టేది పారిశ్రామిక కార్మికుల సూచీతో. అది లేబర్ బ్యూరో ఇచ్చేది, 2016 ఆధారంగా ఉండేది, 2025లో 140ల్లో నడిచింది. దాన్ని దీంతో పోల్చి చూడకండి. విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా పడే గుంట ఇదే.

ఇప్పుడు అల్లుడుగారి అభ్యంతరం. గ్రాఫ్ తప్పనడం వేరు, ధరలు పెరగలేదనడం వేరు. మూడేళ్లలో 13 శాతమంటే 2022 జూలైలో నూరు రూపాయలకు వచ్చిన సరుకుల బుట్టకు 2025 జూలైలో 113 ఇచ్చుకోవాలి. పింఛన్ మీద బతికేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఆ మాట మీరే రాయండి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని ఏ పార్టీ ఖాతాలోనూ వేయలేరు. పైగా అందులో ఒక న్యాయం ఉంది. ధరలు నిజంగానే పెరిగాయని చెప్పే కథనానికి ఇలాంటి బొమ్మ సాయం చెయ్యదు, చెరుపు చేస్తుంది. ప్రభుత్వం తరఫు మనిషి ఒకాయన ఆ బార్లను చూపించి “చూశారా, పేపర్లు ఎలా పెంచి చెబుతాయో” అంటే కథనంలోని నిజం కూడా కొట్టుకుపోతుంది.

మీ పేపర్ సవరణ వేస్తే దేనితో వేస్తుందన్నదీ ఆలోచించండి, ఎందుకంటే తప్పును దిద్దబోయి దానికి ఎదురు తప్పు చేసే వీలుంది. సూచీకి బదులు ద్రవ్యోల్బణం రేటు వేస్తామనొచ్చు. జూలైల లెక్క చూస్తే 2022లో 6.7 శాతం, 2023లో 7.4, 2024లో 3.6, 2025లో దాదాపు 1.6. వీటికి సున్నా నుంచి బార్లు గీయొచ్చు, గీతలో దోషం ఉండదు. అయినా చూసినవాడు ఏమనుకుంటాడు? 2023 తర్వాత ధరలు దిగివచ్చాయని. అది శుద్ధ తప్పు. దిగింది పెరిగే వేగం. ధరలు ఆ నాలుగు జూలైల్లోనూ ఒకదాని కన్నా ఒకటి ఎక్కువే, మీ కటింగ్‌లోని అంకెలే ఆ సంగతి చెబుతున్నాయి. ఈ రేట్ల గ్రాఫ్‌కు ‘తగ్గిన ధరలు’ అని హెడ్డింగ్ పడితే అప్పుడు ప్రభుత్వానికి అనుకూలంగా మోసపోతాం, ఇప్పుడు వ్యతిరేకంగా మోసపోయినట్టే. అందుకే ఉత్తరంలో “సరిచేయండి” అని ఊరుకోకుండా ఎలా సరిచేయాలో మీరే చెప్పండి. సున్నా నుంచి గీసిన బార్లు, లేదా నూరుకు నూట పదమూడు అని ఒక్క వాక్యం. నన్నడిగితే వాక్యమే నయం. నాలుగు అంకెలకు గ్రాఫ్ అవసరమే లేదు.

మీకు ఇంకో ప్రశ్న తట్టి ఉండొచ్చు: జూలైనే ఎందుకు ఎంచుకున్నారని. మంచి ప్రశ్నే. 2023 జూలై మామూలు నెల కాదు. టమాటా గుర్తుండే ఉంటుంది, ఆ నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ఆ ఒక్క నెలలోనే సూచీ 181 నుంచి 186.3కి ఎగబాకింది. జూలై బదులు జూన్ తీసుకుని ఉంటే 2022 నుంచి 2023కి పెరుగుదల 7.4 శాతం కాదు, 4.9 శాతమే కనిపించేది. ఆ మరుసటేడు జూలైలో రేటు అంతగా తగ్గడానికి ఒక కారణం కూడా ఇదే, పోల్చింది అంత ఎత్తున్న నెలతో మరి. ఇదంతా తెలిసి ఉండటం మంచిదే, ఉత్తరంలో మాత్రం పెట్టకండి. కథనం రాసిన రోజుకు తాజా నెల జూలై అయితే పాత జూలైలతో పోల్చడం మామూలే, దాన్ని తప్పనలేం. అది వాదన, అక్షం సంగతి లెక్క. రెంటినీ ఒకే ఉత్తరంలో కలిపితే ఎడిటర్ వాదన దగ్గర ఆగిపోయి లెక్కను వదిలేస్తాడు. “మా ఇంట్లో ఖర్చు 13 శాతం కన్నా చాలా ఎక్కువే పెరిగింది, ఈ సూచీయే తప్పు” అన్న మాట కూడా వద్దు. మీ ఇంటి మట్టుకు అది నిజమే కావచ్చు. ఈ 2012 లెక్క సూచీకి తీసుకున్న దేశమంతటి సగటు బుట్టలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం, మీ ఇంటి బుట్ట దానిలా ఉండాలని లేదు. కానీ అది సూచీ మీద ఫిర్యాదు. మీరిప్పుడు చేస్తున్నది గ్రాఫ్ మీద.

ఉత్తరం ఇలా ఉంటే చాలు. మీ మాటల్లోకి మార్చుకోండి, కొలతలు మాత్రం మీ స్కేలుతో మీరే మళ్లీ కొలిచి రాయండి.

సంపాదకుల వారికి,

విషయం: (తేదీ) సంచిక, (ఎడిషన్), (పేజీ) — ధరల సూచీ గ్రాఫ్‌కు సవరణ కోరుతూ

ధరల పెరుగుదలపై మీరు ప్రచురించిన కథనంలోని బార్ గ్రాఫ్‌లో నిలువు అక్షం సున్నా నుంచి కాక 160 నుంచి మొదలైంది. దానివల్ల 2022 జూలై (173.4) బార్ 2.7 సెంటీమీటర్లు, 2025 జూలై (196) బార్ 7.2 సెంటీమీటర్లు ఉన్నాయి. చూసేవారికి ధరలు రెండున్నర రెట్లు దాటినట్టు కనిపిస్తుంది. మీరిచ్చిన అంకెల ప్రకారమే అసలు పెరుగుదల 13 శాతం.

ధరలు పెరగలేదని నేను అనడం లేదు. పింఛన్ మీద ఆధారపడిన నాలాంటివారికి 13 శాతం భారమే. మీ అంకెలు సరైనవి, వాటి పక్కనున్న బార్ల పొడవులు మాత్రం ఆ అంకెలకు సరిపోలేదు. అక్షం మీద 160 అని వేసినా, బార్ గ్రాఫ్‌లో పాఠకుడు పోల్చుకునేది పొడవునే.

గ్రాఫ్‌ను సున్నా నుంచి గీసి గానీ, 2022 జూలైలో 100 రూపాయలకు వచ్చిన సరుకులు 2025 జూలైలో 113 రూపాయలయ్యాయని ఒక వాక్యంలో చెప్పి గానీ సవరణ ప్రచురించాలని, వెబ్‌సైట్‌లోని కథనంలోనూ మార్చాలని కోరుతున్నాను.

పేరు, చిరునామా, ఫోన్ నంబరు

దీనికన్నా పొడవు పెంచకండి. ‘పాఠకుల లేఖలు’ శీర్షికలో ఉత్తరాలకు దొరికే జాగా కొంచెమే, పెద్దదైతే ఎక్కడ కోస్తారో మన చేతిలో ఉండదు. కోతలో ముందు పోయేది “ధరలు పెరగలేదని నేను అనడం లేదు” అన్న వాక్యమే అయిందనుకోండి, మీ అల్లుడుగారు అన్నంతా అయినట్టే.

ఎక్కడికి పంపాలన్నది కూడా చూసుకోవాలి. పాఠకుల లేఖల మెయిల్‌కు పంపితే ఆ శీర్షిక చూసే ఆయన బాగుందనుకుని ఓ వారం తర్వాత వేస్తాడు, సవరణ వేయాలన్న సంగతి ఎవరి చెవినా పడదు. సవరణ వేయాలా వద్దా అని తేల్చేది ఎడిటర్. ప్రతి పేపర్ మీదా ఎడిటర్ పేరు అచ్చు వేయడం చట్టప్రకారం తప్పనిసరి, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో చూడండి. ఉత్తరం ఆయన పేరున పంపి, లేఖల శీర్షికకు కాపీ పెట్టండి. మీ పేపర్లో పాఠకుల ఫిర్యాదులు చూసేందుకు ప్రత్యేకంగా ఒక ఎడిటర్ ఉంటే నేరుగా ఆయనకే రాయొచ్చు. విషయం దగ్గర ‘సవరణ కోరుతూ’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ఎడిషన్ పేరు కూడా రాయండి. తణుకులో మీకు వచ్చిన పేజీ, హైదరాబాద్‌లో ఎడిటర్ ముందున్న పేజీ ఒకటే కాకపోవచ్చు, గ్రాఫ్ అక్కడ వేరే పేజీలో పడి ఉండొచ్చు, అసలు పడకపోయి ఉండొచ్చు. కటింగ్ ఫొటో తీసి జత చేస్తే ఆ గొడవ ఉండదు.

ఆలస్యం చేయకండి. మూడు నాలుగు రోజుల్లో చేరితే ఆ పేజీ చేసినవాళ్లకు ఇంకా గుర్తుంటుంది. పక్షం దాటాక వచ్చిన ఉత్తరానికి సవరణ వేస్తే చదివినవాడికి దేని గురించో కూడా అర్థం కాదని పక్కన పడేస్తారు. ఈలోగా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పది మందీ వచ్చి పేపర్‌ను తిట్టాక ఎడిటర్ తప్పు ఒప్పుకోవడం కష్టమవుతుంది, సమర్థించుకోవడం మొదలుపెడతాడు. పదిహేను రోజులు చూసి, ఏ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు మీ ఇష్టం.

ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. వెళ్లొచ్చు. ముందు ఎడిటర్‌కు రాసి ఉండాలి, దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. కౌన్సిల్ మందలించగలదు, అంతకుమించి దానికి కోరలు లేవు. ఒక గ్రాఫ్ కోసం నేనైతే అంత దూరం వెళ్లను. అదే పేపర్ ప్రతి నెలా 12వ తేదీ తర్వాత ఇదే పని చేస్తూ, రాసిన ఉత్తరాలకు జవాబివ్వకపోతే మాత్రం కటింగ్‌లు తేదీలు వేసి దాచుకోండి.